బుట్టలో పిల్లి, పక్కన పాప: తొలి రెండు నిమిషాల వైద్యం

పశువుల ఆసుపత్రికి గేదెను తోలుకొచ్చే రైతు గుమ్మంలో నిలబడే అన్నీ చెప్పేస్తాడు. ఎప్పుడు మేత మానేసిందీ, నెమరు ఎప్పుడు ఆగిందీ, పేడ ఎలా వేస్తోందీ ఆయనకు తెలుసు. కుక్కపిల్లతోనో పిల్లితోనో ఒక కుటుంబం వచ్చినప్పుడు అంత సులువు కాదు. బల్ల ముందు కుర్చీలో తండ్రో తాతో కూర్చుంటారు. ఫీజు ఇచ్చేదీ, వైద్యానికి ఒప్పుకునేదీ వాళ్లే. కానీ ఆ జంతువు ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో, నిన్న సాయంత్రం ఎందుకు కుంటిందో వాళ్లకు పెద్దగా తెలియదు. తెలిసిన మనిషి వాళ్ల వెనక, బుట్ట పిడి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎనిమిదేళ్లో పదేళ్లో ఉంటాయి. అడిగితే తప్ప మాట్లాడదు.

ఆ పాపను ఎలా పలకరించాలి, ఏమని అడగాలి అన్నది మర్యాదకు సంబంధించిన విషయంగా చాలామంది అనుకుంటారు. ఇన్నేళ్లు జంతువుల వైద్యం చేశాక నేను దాన్ని రోగనిర్ధారణలో మొదటి పరీక్షగానే చూస్తున్నాను. రక్తపరీక్ష కన్నా ముందు జరిగే పరీక్ష అది. సరిగ్గా జరగకపోతే ఆ తర్వాత చేసే పరీక్షలన్నీ తప్పు దారిలో పోవచ్చు. ఒక్క కేసును మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఇది తెలుస్తుంది.

ఆదివారం ఉదయం పది గంటల వేళ తాతయ్య, మనవరాలు వచ్చారు. పాపకు తొమ్మిదేళ్లు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పిల్లి, పైన పాత లంగా గుడ్డ కట్టి ఉంది. వరండాలో రెండు కుక్కలు మొరుగుతున్నాయి. తాతయ్య లోపలికి వస్తూనే, "డాక్టరు గారూ, బల్లిని తిన్నదండీ, మూతి వాచిపోయింది, సూది వేసెయ్యండి" అన్నారు.

వాళ్లు గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చేలోపు వైద్యుడి కళ్లు ఒక పని ముగించుకోవాలి. గుడ్డ కాస్త తొలగించి పిల్లి ఊపిరి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నోరు మూసుకుని, తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. కుక్కలా నోరు తెరిచి రొప్పుతున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే. అప్పుడు పలకరింపులకు సమయం ఉండదు. బుట్టతో సహా ఆక్సిజన్ దగ్గరికి తీసుకెళ్లి, మాటలు అక్కడే మొదలుపెట్టాలి. ఈ పిల్లి వేగంగా ఊపిరి తీస్తోంది కానీ నోరు మూసుకునే ఉంది. మూతి, ముందు పాదాలు ఉబ్బాయి. చొంగ కారుతోంది. ఆక్సిజన్ గొట్టాన్ని బుట్ట అంచున, మూతికి దగ్గరగా పెట్టించి, మాట్లాడడానికి ఒకటి రెండు నిమిషాలు ఉన్నాయని లెక్కవేసుకున్నాను.

ముందు తాతయ్యకు నమస్కారం చెప్పి కుర్చీ చూపించాను. పెద్దవాళ్లను పక్కన పెట్టి నేరుగా పిల్లలతో మొదలుపెడితే వాళ్లు నొచ్చుకుంటారు, ఆపైన మాటమాటకూ అడ్డు వస్తారు. "మీరు చెప్పింది విన్నానండీ, అన్నీ చూస్తాను. పిల్లిని రోజూ చూసుకునేది ఎవరు?" అని అడిగాను. ఆయన మనవరాలిని చూపించారు. అంటే పాపతో మాట్లాడడానికి ఆయనే అనుమతి ఇచ్చారన్నమాట.

అప్పుడు వంగి, బుట్ట ఎత్తుకు తల దించి, పాపను పలకరించాను. "రామ్మా. నీ పేరేంటి తల్లీ? ఇదేనా నీ పిల్లి? దీన్ని ఏమని పిలుస్తావు?" పిల్లి పేరు చిన్ని అని చెప్పింది. ఆ తర్వాత ప్రతిసారీ "పిల్లి" అనకుండా "చిన్ని" అనే అన్నాను. పేరు పెట్టి పిలిస్తే, ఇక్కడ చిన్నిని పట్టించుకుంటారన్న నమ్మకం బిడ్డకు కలుగుతుంది. "అయ్యో, ఇలా అయిపోయిందేంటి!" అని మాత్రం అనకూడదు. ఆ ఒక్క మాటతో పాప కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఏడుస్తున్న బిడ్డ దగ్గర సమాచారం రాదు. "ఏం కాదులే" అని కూడా అనను. అది నిజమో కాదో అప్పటికి నాకూ తెలియదు. "చిన్నికి ఊపిరి కష్టంగా ఉంది. అందుకే ఈ గొట్టం పెట్టాం. నువ్వు దాని పక్కనే ఉండొచ్చు" అన్నాను. జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబితే పిల్లలు మనం అనుకున్న దానికన్నా ఎక్కువ నిబ్బరంగా ఉంటారు.

పలకరింపు పిల్లికి కూడా ఉంటుంది. కొత్త మనిషి ఎదురుగా నిలబడి సూటిగా కళ్లలోకి చూస్తే పిల్లి దాన్ని బెదిరింపుగా తీసుకుంటుంది. కాస్త పక్కకు తిరిగి కూర్చుని, కళ్లు మెల్లగా మూసి తెరిస్తే నెమ్మదిస్తుంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. నిదానంగా కళ్లార్పిన మనిషికి పిల్లులు తామూ అలాగే బదులిచ్చాయి, అలాంటి కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. చిన్నిని నేను బుట్టలోంచి లాగలేదు. ఊపిరి ఆడని పిల్లిని లాగి, పెనుగులాడించి పట్టుకుంటే ఆ పెనుగులాటకే ప్రాణం పోవచ్చు. గుడ్డ సగం కప్పి ఉంచి, చిగుళ్లు మాత్రం చూశాను. గులాబీ రంగులో ఉండాల్సినవి మట్టి రంగుకు తిరిగి ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్న. తాతయ్య "బల్లి" అన్నారు కాబట్టి, "బల్లిని తిన్నదా అమ్మా?" అని పాపను అడగడం చాలా సులువు. అలా అడిగితే పాప తల ఊపుతుంది. పెద్దవాళ్లు ఒకమాట అనేశాక, తెల్లకోటు వేసుకున్న మనిషి అదే మాట అడిగితే కాదనే ధైర్యం తొమ్మిదేళ్ల బిడ్డకు ఉండదు. అవును కాదు అని జవాబిచ్చే ప్రశ్నలకు పిల్లలు మనకు నచ్చే జవాబు వెతుక్కుంటారు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటిసారి తప్పు చెప్పాననుకుని జవాబు మార్చేస్తారు. అందుకని ఇలా అడిగాను: "చిన్ని ఎప్పటిదాకా బాగుందో, తర్వాత ఏమేం జరిగిందో నీకు గుర్తున్నట్టు మొత్తం చెప్పు. నేను వింటాను."

అడిగి ఊరుకోవాలి. వైద్యులకు అన్నింటికన్నా కష్టమైన పని ఇదే. 1984లో అమెరికాలో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు, మనుషుల వైద్యులు రోగులతో మాట్లాడిన 74 సందర్భాలను రికార్డు చేసి విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకు సగటున డాక్టరు అడ్డు తగిలాడు. చాలామంది రోగులు తాము చెప్పదలుచుకున్నది పూర్తి చేయనేలేదు. పశువైద్యుల మీద కెనడాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మీ బాధ ఏమిటో చెప్పండి అని మొదట్లోనే అడిగిన పశువైద్యులు సగం మంది కూడా లేరు. అడిగినవాళ్లలోనూ చాలామంది కొద్ది సెకన్లకే మధ్యలో దూరారు. అలా అడగని చోట, అంతా అయిపోయి లేచి వెళ్లే సమయానికి "అన్నట్టు డాక్టరు గారూ" అంటూ కొత్త సమస్య బయటపడడం ఎక్కువగా కనిపించింది.

పిల్లల విషయంలో ఈ మౌనం ఇంకా పొడవుగా ఉండాలి. పెద్దవాళ్లు ఒక వాక్యం చెప్పి ఆగితే చెప్పడం అయిపోయినట్టు. పిల్లలు ఆగితే తర్వాతది గుర్తు చేసుకుంటున్నట్టు, లేదా చెప్పాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టు. చిన్ని శనివారం పొద్దున్నుంచే ముభావంగా ఉందని పాప చెప్పింది. పాలు ముట్టలేదు. మంచం కిందికి వెళ్లి పడుకుంది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. అక్కడ ఆగింది. తాతయ్య "అదే కదా, బల్లి తిని..." అని అందుకోబోయారు. నేను ఆయన వైపు చెయ్యి కాస్త ఎత్తి, "ఒక్క నిమిషం అండీ, పాపది అయిపోనిద్దాం. తర్వాత మీరు చెప్పేదీ పూర్తిగా వింటాను" అన్నాను. ఆ మాట గౌరవంగానే అన్నాను, పాపకు వినపడేలా అన్నాను. ఇక్కడ తన మాటకు విలువ ఉందని ఆమెకు అర్థం కావాలి.

పాప మళ్లీ మొదలుపెట్టింది. పొద్దున లేచేసరికి మూతి ఉబ్బి ఉంది. నడిస్తే తూలుతోంది. మళ్లీ ఆగి, నేల చూపులు చూసింది.

జ్వరం ఉందని చెప్పింది, దానికి ఏం చేశారో చెప్పలేదు. ఆ ఖాళీ నా చెవికి తగిలింది. మట్టిరంగు చిగుళ్లు, ఉబ్బిన మూతి, ఉబ్బిన పాదాలు. ఈ మూడూ కలిసి ఒక పిల్లిలో కనిపిస్తే పశువైద్యుడికి ముందుగా గుర్తుకు రావలసినది పారాసెటమాల్. మన ఇళ్లల్లో జ్వరం మాత్ర అని పిలుచుకునే అదే మందు.

"ఎవరు ఏం మందు వేశారు?" అని ఇక్కడ గట్టిగా అడిగితే తలుపు మూసుకుపోతుంది. ఆ ప్రశ్నలో నేరం ఎవరిదన్న వెతుకులాట ఉంది. ఎదురుగా తాతయ్య ఉన్నారు, ఇంటికెళ్తే అమ్మ ఉంటుంది. పాప "ఏం వెయ్యలేదు" అంటుంది. నేను ఇలా అన్నాను: "ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలితే ఊరుకోలేం కదమ్మా. తగ్గాలని ఏదో ఒకటి చేస్తాం. పిల్లుల్ని తీసుకొచ్చే చాలామంది ఇంట్లో ముందు ఏదో ఒక మందు వేసే వస్తారు. చిన్నికి తగ్గాలని మీ ఇంట్లో ఏం చేశారు?" ఇందులో మూడు పనులు ఉన్నాయి. చేసింది ప్రేమతోనే అని ముందే ఒప్పుకోవడం. అలా చేసేది నువ్వొక్కదానివే కాదని చెప్పడం. ఏదో చేసే ఉంటారని అనుకుని, ఏమిటని మాత్రమే అడగడం.

పాప నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "నా జ్వరం సిరప్ పట్టాను."

అలా చెప్పిన క్షణంలో వైద్యుడి ముఖం మారకూడదు. "అయ్యో, పిల్లికి అది విషం!" అన్న కేక గొంతు దాకా వస్తుంది. దాన్ని మింగెయ్యాలి. ఎందుకంటే ఇంకా తెలుసుకోవలసినవి రెండున్నాయి: ఎంత, ఎప్పుడు. "చెప్పి చాలా మంచి పని చేశావు తల్లీ. ఇది తెలిస్తేనే చిన్నికి సరైన మందు ఇవ్వగలను. ఎంత పట్టావో చూపిస్తావా?" అని అడిగి, బల్ల మీదున్న ఒక సిరప్ సీసా మూత, నీళ్లు ఇచ్చాను. ఎన్ని మిల్లీలీటర్లు అంటే పిల్లలు చెప్పలేరు. చేసి చూపించమంటే కచ్చితంగా చూపిస్తారు. 5 మిల్లీలీటర్ల మూతలో సగానికి నీళ్లు పోసి చూపించింది. కాలం కూడా అంతే. గడియారం వేళ అడిగితే తోచింది చెబుతారు. రోజులో జరిగే పనులకు ముడివేసి అడగాలి. "రాత్రి అన్నం తినక ముందా, తిన్నాకా?" తిన్నాక, అమ్మ సీరియల్ చూస్తున్నప్పుడు. అంటే ఎనిమిది ప్రాంతం. "మళ్లీ ఎప్పుడైనా పట్టావా?" పొద్దున పళ్లు తోముకున్నాక ఇంకోసారి, అంతే కొలత.

తాతయ్యను ఇంటికి ఫోన్ చేసి సీసా మీద ఏం రాసుందో చదివించమన్నాను. పిల్లల పారాసెటమాల్ సిరప్‌లు అన్నీ ఒకే బలంలో ఉండవు. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉన్నవీ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. వాళ్లింట్లోది 250. సగం మూత అంటే 125 మిల్లీగ్రాములు. చిన్ని బరువు 2.8 కిలోలు. అంటే ఒక్కో మోతాదులో కిలోకు సుమారు 45 మిల్లీగ్రాములు, పన్నెండు గంటల్లోపు రెండుసార్లు. పిల్లుల్లో కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన సందర్భాలు నమోదై ఉన్నాయి. పిల్లికి పారాసెటమాల్‌లో సురక్షితమైన మోతాదు అంటూ లేదు.

పాపకు మేలు చేసే మందు పిల్లికి ఎందుకు విషమవుతుంది? మన కాలేయం ఈ మందుకు ఒక చక్కెర పదార్థాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా చేసి, మూత్రంతో బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా కొరత. దారి మూసుకుపోయిన మందు వేరే దారి పట్టి, కణాలను కాల్చేసే పదార్థంగా మారుతుంది. అది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. పిల్లి హిమోగ్లోబిన్ ఈ దెబ్బకు మనిషి హిమోగ్లోబిన్ కన్నా చాలా తేలిగ్గా లొంగిపోతుంది. పాడైన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది, చిగుళ్లలో కనిపించేది ఆ రంగే. నిర్ధారించుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒక చుక్క రక్తం తెల్ల కాగితం మీద వేసి, పక్కన ఆరోగ్యంగా ఉన్న జంతువు రక్తం చుక్క వేసి గాలికి ఉంచుతాం. మామూలు రక్తం ఎర్రబడుతుంది. చిన్నిది గోధుమ రంగులోనే ఉండిపోయింది.

విరుగుడు ఉంది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు. మనుషులు పారాసెటమాల్ ఎక్కువ మింగినప్పుడు వాడేదీ ఇదే, అందుకని పెద్ద మందుల షాపుల్లో దొరుకుతుంది. మొదట కిలోకు 140 మిల్లీగ్రాములు, చిన్ని బరువుకు 390 దాకా, పలుచన చేసి నిదానంగా రక్తనాళంలోకి ఎక్కించాం. తర్వాత అందులో సగం చొప్పున ఆరు గంటలకోసారి. దానికి తోడు ఆక్సిజన్, సెలైన్, వెచ్చదనం. మందు లోపలికి వెళ్లి గంటో రెండు గంటలో అయితే వాంతి చేయించడం గురించి ఆలోచిస్తాం. రాత్రి పట్టిన మందుకు, ఊపిరి సరిగా ఆడని పిల్లికి అది పనికిరాదు, ప్రమాదం కూడా.

ఇప్పుడు బల్లి మాట నమ్మి ఉంటే ఏం జరిగేదో చూడండి. మూతి వాపు చూసి ఎలర్జీ అనుకుని దానికి సూది వేసి పంపేవాళ్లం. కొన్ని గంటలు ఇంట్లో గడిచేవి. బహుశా రాత్రికి పాప ఇంకో సగం మూత పట్టేది. అలాగని తాతయ్యది తప్పని కాదు. మన పిల్లులు బల్లుల్ని వేటాడుతూనే ఉంటాయి, ఆయన చూసిందీ నిజమే అయ్యుండొచ్చు. కానీ బల్లిని తింటే చిగుళ్లు మట్టిరంగుకు తిరగవు.

మందు ఎక్కుతుండగా మళ్లీ పాప దగ్గరికి వెళ్లాను. మొదట చెప్పిన సమస్యే అసలు సమస్య అనుకుని ఆగిపోవడం ఇంకో పొరపాటు. సిరప్ పట్టింది జ్వరం వచ్చిందని. మరి జ్వరం ఎందుకు వచ్చినట్టు? "చిన్ని గురించి నువ్వు గమనించినవి ఇంకా ఏమున్నాయి?" అని అడిగాను. తోక మొదట్లో పదేపదే నాకుతోందని, అక్కడ ముట్టుకుంటే అరుస్తోందని, బుధవారం రాత్రి గోడ మీద వేరే పిల్లితో పోట్లాడిందని చెప్పింది. వెంట్రుకలు తొలగించి చూస్తే తోక మొదట్లో చిన్న కోరపంటి గాటు, కింద చీము గడ్డ. పిల్లుల పోట్లాటల్లో ఇది మామూలే. సన్నని పన్ను లోతుగా దిగుతుంది, పైన చర్మం మూసుకుపోతుంది, మూడు నాలుగు రోజులకు లోపల చీము పట్టి జ్వరం వస్తుంది. ఊపిరి కుదుటపడ్డాక మర్నాడు దాన్ని కోసి శుభ్రం చేశాం.

పోట్లాట అన్న మాట వినగానే పాప చేతులు చూశాను. పిల్లికి బలవంతంగా సిరప్ పట్టిన చేతుల మీద గీతలు లేకుండా ఉండవు. ఎడమ మణికట్టు మీద రెండు గోటి గీతలు, ఒకటి రక్తం చిమ్మి ఎండింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట, చెబితే పిల్లిని వదిలేసి వస్తారని భయం. ఈ భయం నేను చాలా ఇళ్లల్లో చూశాను, దీనికి పిల్లల ప్రాణాలే పోయే ప్రమాదం ఉంది. రేబిస్ కుక్కల వల్లే కాదు, పిల్లుల వల్లా వస్తుంది. చిన్నికి టీకా వేయించలేదు, అది ఊరపిల్లితో పోట్లాడి వచ్చింది. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో దాదాపు 40 శాతం మంది పదిహేనేళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్న గీతను పిల్లలు దాచేయడం అందుకు ఒక కారణం.

పాపను అక్కడే కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించాం. రక్తం వచ్చిన గీత కాబట్టి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం పడుతుందని తాతయ్యకు చెప్పి, అదే పూట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాసిచ్చాను. పశువైద్యుడు మనుషులకు వైద్యం చేయకూడదు. కానీ గాయాన్ని చూడడం, కడిగించడం, సరైన చోటికి పంపడం మా పనే. "పిల్లిని బయట వదిలేస్తే అది ఎలా ఉందో మనకు తెలియకుండా పోతుంది. పది రోజులు కళ్లెదుటే ఉండాలి. కాబట్టి దాన్ని ఇంట్లోనే పెట్టుకోండి" అని ఆయనకే, పాప వినేలా చెప్పాను. వైద్యపరంగా అది నిజం. దానివల్ల పాప భయం కూడా పోయింది. అయితే పది రోజులు చూసి అప్పుడు సూదులు వేయించుకుందామని ఆగకూడదు. సూదులు మొదటి రోజే మొదలవ్వాలి. తర్వాతివి మూడో రోజు, ఏడో రోజు, ఆపైన ఆసుపత్రి వాళ్లు చెప్పిన తేదీల్లో.

సిరప్ సంగతి తాతయ్యకు ఎవరు చెప్పాలి? ఆయనకు చెప్పకుండా వైద్యం చేయలేను, ఖర్చు ఆయనది, నిర్ణయం ఆయనది. అందుకని పాపను ముందే అడిగాను: "ఇది తాతయ్యకు చెప్పాలి తల్లీ. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" నన్ను చెప్పమంది. నేను మాటలు ఏరి చెప్పాను: "జ్వరం ఉందని కనిపెట్టింది పాపే. తనకు ఇచ్చే మందే దానికీ ఇచ్చింది. పిల్లి ఒంటికి ఆ మందు పడదని పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఏం ఇచ్చిందో, ఎంత ఇచ్చిందో దాచకుండా చెప్పింది కాబట్టే విరుగుడు ఇవ్వగలిగాం." తాతయ్య ఏదో అనబోయి ఆగి, మనవరాలిని దగ్గరికి తీసుకున్నారు. పాప నన్ను ఒక ప్రశ్న అడిగింది. "నా వల్లే చచ్చిపోతుందా?" అలాంటి ప్రశ్నకు తిరుగుడు జవాబు చెప్పకూడదు. "ఆ మందు వల్లే ఒంట్లో ఇలా అయింది. నీకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు దానికి మందు ఎక్కుతోంది. రేపు సాయంత్రానికి రంగు మారితే బతికే అవకాశం బాగా ఉంటుంది. అంతకు ముందు ఏదీ చెప్పలేను" అన్నాను.

సోమవారం సాయంత్రానికి చిగుళ్లలో గులాబీ రంగు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. మూడో రోజు తిండి ముట్టింది. అన్ని పిల్లులూ ఇలా తేరుకోవు. ఆలస్యంగా వచ్చినవీ, మాత్ర మొత్తం మింగినవీ చాలావరకు దక్కవు.

పెద్దవాళ్లు ఎవరూ లేకుండా పిల్లలే జంతువును ఎత్తుకుని వచ్చే సందర్భాలూ ఉంటాయి. స్కూలు యూనిఫారంలో, సంచిలో కుక్కపిల్లతో. వాళ్లను వెనక్కి పంపకూడదు. ప్రాణాపాయం ఉంటే ప్రథమ చికిత్స చేసి, ఇంట్లో పెద్దవాళ్ల నంబరు తీసుకుని ఫోన్ చేస్తాం. ఆపరేషన్ లాంటి నిర్ణయాలు, ఖర్చు మాటలు పిల్లలతో మాట్లాడం. కానీ ఏం జరిగిందో చెప్పమని అడిగేది, వినేది అప్పుడూ ఇలాగే.

పదో రోజు చిన్నిని మళ్లీ చూపించడానికి తెచ్చారు. కాలేయం పరీక్షకు రక్తం తీశాం, గాయం పూడుతోంది. ఈసారి తాతయ్య కుర్చీలో కూర్చుని, "నువ్వే చెప్పమ్మా" అన్నారు. తిండి, నీళ్లు, మూత్రం, నిద్ర అన్నీ వరసగా చెప్పాక పాప అడిగింది, "మళ్లీ జ్వరం వస్తే ఇంట్లో ఏం వెయ్యాలి?" ఏమీ వెయ్యకూడదని చెప్పాను. గిన్నెలో నీళ్లు దగ్గర పెట్టి, బుట్టలో గుడ్డ పరిచి, దాన్ని పడుకోబెట్టి తీసుకురావాలి. వచ్చేటప్పుడు అది చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో ఒక కాగితం మీద రాసుకురావాలి. ఇంట్లో పొరపాటున ఏ మందైనా దాని నోట్లోకి వెళ్లి ఉంటే, ఆ సీసానో మాత్రల అట్టనో కూడా బుట్టలో వేసుకురావాలి.